పెద్దక్క రాయించిన ప్రశంసాపత్రం

పెద్దక్కకి మనుషుల్ని తిట్టడం వచ్చు, మెచ్చుకోవడం వచ్చు, ఆ రెండూ ఒకే ఊపిరిలో చేయడం కూడా వచ్చు. రానిదల్లా వాటిని కాగితం మీద పెట్టడం. అలాంటి మనిషి ఆ ఏడు పనిగట్టుకుని ఆఫీసుకి వెళ్ళి, "ఉత్తమ ఉద్యోగి" ఫారం ఒకటి అడిగి తెచ్చుకుంది. తనకోసం కాదు, పిట్ట కోసం.

ఆసుపత్రి అడుగు అంతస్తులో, ఆపరేషన్ పరికరాలు శుద్ధి చేసే విభాగం వాళ్ళది. పైనుంచి వాడిన కత్తెరలూ, పటకార్లూ, క్లిప్పులూ ట్రాలీల్లో దిగుతాయి. ఒక గదిలో కడుగుతారు. గోడకి ఇవతల, శుభ్రమైన గదిలో, భూతద్దం బిగించిన దీపాల కింద ఒక్కొక్కటీ పట్టి చూస్తారు. మొన వంగిందా, మడత దగ్గర మరక మిగిలిందా, పళ్ళు సరిగ్గా కలుస్తున్నాయా అని చూసి, జాబితా ప్రకారం ట్రేలో సర్ది, గుడ్డ చుట్టి, ఆవిరి యంత్రంలోకి పంపిస్తారు. జబ్బు నయం చేసినందుకు డాక్టరుకి దండం పెట్టేవాళ్ళు ఉంటారు గానీ, ఆ డాక్టరు చేతిలోని కత్తెరని ఎవరు తుడిచారో అడిగినవాళ్ళు ఇంతవరకూ పుట్టలేదు. ఆ గదిలో ఒకటో టేబుల్ పెద్దక్కది. ఇరవై రెండేళ్ళుగా ఆమెదే. కంటి ఆపరేషన్లకి వాడే చిన్న పరికరాల సెట్లు, గోరంత మొనలుండేవి, ఆ టేబుల్ మీదికే వస్తాయి. వేరే ఎవరి చేతికీ ఇవ్వరు.

రెండో టేబుల్ పిట్టది. నోరు ఒక్క క్షణం ఊరుకోదు కాబట్టి ఆ పేరు. ఆరేళ్ళ క్రితం బెదురు చూపులతో వచ్చినప్పుడు, పటకారు ఏదో క్లిప్పు ఏదో తెలియని పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని పెద్దక్కే నేర్పింది. నేర్పడమంటే మామూలుగా కాదు, కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి పరికరం పేరు చెప్పించేది. తప్పు చెబితే మణికట్టు మీద చిన్న దెబ్బ. "అమ్మో, మా అత్తగారు నయం" అనేది పిట్ట.

నాలుగు నెలల కిందట పెద్దక్క కళ్ళకి పొర కమ్మింది. మొదట దీపం మురికిగా ఉందనుకుని నాలుగుసార్లు తుడిచింది. తర్వాత భూతద్దం మార్పించింది. చివరికి ఒకరోజు సెలవు పెట్టి వేరే ఆసుపత్రిలో చూపించుకుంటే, రెండు కళ్ళలోనూ శుక్లాలు, ఆపరేషన్ చేస్తే బాగైపోతుంది, కానీ తేదీ నాలుగైదు నెలలకి గానీ దొరకదన్నారు. నిబంధన ప్రకారం చూపులో తేడా వస్తే ఇన్‌ఛార్జ్ మేడమ్‌కి చెప్పాలి. చెబితే టేబుల్ దగ్గర్నుంచి తీసి గుడ్డలు మడిచే చోట కూర్చోబెడతారు. నాలుగైదు నెలలే కదా అని అందరూ అంటారు. ఇరవై రెండేళ్ళు కూర్చున్న కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే ఆ నాలుగు నెలలు ఎంత పొడుగో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఆమె ఒక్కరికే చెప్పింది.

"అంతేనా? ఇంతోటి దానికి ఏడుపు మొహం ఎందుకక్కా?" అంది పిట్ట. "నువ్వు సర్దు. చుట్టేముందు నా వైపు జరుపు. నేనోసారి చూసి ఇచ్చేస్తా. మూడో కంటికి తెలీదు."

అలాగే జరిగింది. పెద్దక్క సర్దేది, ట్రే పక్కకి జరిగేది, పిట్ట చూసేది. సాయంత్రం చేతులు కడుక్కునేటప్పుడు పెద్దక్క రోజూ ఒకటే ప్రశ్న అడిగేది. "ఏమైనా దొరికిందా?"

"ఏమీ లేదక్కా. నీ చెయ్యి బంగారం. కళ్ళతో నీకు పనేంటసలు?"

ఆ మాట మీదే పెద్దక్క ఇంటికి వెళ్ళి కంటినిండా నిద్రపోయేది. మొనలు వేళ్ళకి తెలుస్తున్నాయి కదా, ఇంకేం భయం అనుకునేది.

అందుకని ఆ ఫారం. పిట్ట చేసిన సాయం చెప్పుకోలేనిది. కానీ చెప్పదగ్గవి వేరే ఉన్నాయి. సహాయ ఇన్‌ఛార్జ్ ఉద్యోగం ఒకటి ఖాళీ అవుతోందనీ, ఈ గుర్తింపు ఉన్నవాళ్ళని ముందు చూస్తారనీ విభాగమంతా గుసగుసలు. రుణం ఇలా తీర్చుకుందామనుకుంది పెద్దక్క.

కళ్ళు కనబడవు కాబట్టి రాసే పని భర్త మీద పడింది. ఆయన బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. ఏది చదివినా స్టేజీలు అరిచినట్టే చదువుతాడు.

"సందర్భం! చర్య! ఫలితం! మూడు గడులున్నాయి. ఏం రాయమంటావు?"

"పిట్ట చాలా మంచి పిల్ల, అందరికీ సాయం చేస్తుంది, కష్టపడి పని చేస్తుంది అని రాయండి."

ఆయన రాశాడు. మూడో రోజుకి ఆ ఫారం తిరుగుటపాలో వచ్చింది. దాంతోపాటు ఆఫీసులో సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసరు కూడా దిగాడు. కుర్రాడే, మర్యాదస్తుడే. ఫారం లేకుండా తుమ్మడని అతనికి ఫారాల బాబు అని పేరు.

"అమ్మా, ఇది చాలదండి. మంచి పిల్ల, కష్టపడుతుంది అంటే ఎవరికైనా సరిపోతుంది కదా. ఆవిడ ఏం చేసింది, ఎప్పుడు చేసింది, దానివల్ల మీ టీమ్‌లో ఏం మారింది, స్పష్టంగా రాయాలి. అంకెలుంటే ఇంకా మంచిది. మిగతా విభాగాలనుంచి వచ్చినవి చూస్తే మీకే తెలుస్తుంది."

పెద్దక్కకి కోపం వచ్చింది గానీ, రెండు నిమిషాలకి అతను చెప్పింది నిజమే అనిపించింది. ఆ రాత్రి భోజనాలకి ముందే భర్తని కూర్చోబెట్టి మళ్ళీ చెప్పింది. ఈసారి మాటలు వెతుక్కోలేదు.

పిట్ట ముప్పై నాలుగు రకాల ట్రేలకి, ఏ పరికరం ఎక్కడ ఉండాలో ఫోటోలు తీసి, ప్లాస్టిక్ అట్టల్లో పెట్టి ప్రతి టేబుల్ దగ్గరా తగిలించింది. ఒకేలా కనబడే నాలుగు రకాల కత్తెరల పిడులకి నాలుగు రంగుల టేపు చుట్టించింది. అంతకుముందు ఫలానాది లేదని ఆపరేషన్ థియేటర్ నుంచి నెలకి తొమ్మిది, పది ఫోన్లు వచ్చేవి. ఇప్పుడు రెండు. కొత్తగా చేరినవాళ్ళు ఒక ట్రే సర్దడం నేర్చుకోవడానికి మూడు వారాలు పట్టేది. ఇప్పుడు వారం. భోజనానికి అందరూ ఒకే వేళకి లేవగలుగుతున్నారు.

"ఇది! ఇదీ రాయడమంటే!" అన్నాడు భర్త, చివరి స్టేజీ వచ్చినంత సంబరంగా. పెద్దక్క అడుగున సంతకం పెట్టింది.

పిట్టకి ఆ సంగతి తెలియకూడదనుకుంది. కానీ ఎంపికకి వచ్చిన పేర్లని ఆఫీసుకి పిలిచి, రాసింది నిజమేనా అని సరిచూసుకోవడం వాళ్ళ పద్ధతట. పిట్ట వెళ్ళి వచ్చిన రోజు పెద్దక్క మెడ పట్టుకుని వేలాడింది. "ఎంత రాశావక్కా! నేనింత చేశానా?" అంది. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. అవి నిజం నీళ్ళే. అది మనం ఒప్పుకోవాలి.

సభ మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ, పై అంతస్తులోని పెద్ద హాల్లో. పెద్దక్క ఉతికి దాచుకున్న చీర కట్టుకుని మూడో వరసలో కూర్చుంది. పక్కన కడిగే గదిలో పనిచేసే బకెట్ పిన్ని. ఈ పిన్నికి కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఆ సంగతి రోజుకి పదిసార్లు అందరికీ చెబుతుంది, పిట్టకి పదకొండోసారి చెబుతుంది. పిట్టేమో ఓపిగ్గా వేళ్ళు నొక్కి పెడుతుంది. సభలో కూడా పిన్ని తన చెయ్యి పట్టుకుని, "ఇవాళ మోచేతిదాకా పాకిందే" అని మొదలెట్టింది.

"ఊరుకో పిన్నీ, మన పిల్లది చదువుతున్నారు" అంది పెద్దక్క.

ఫారాల బాబు మైకు ముందుకొచ్చి ప్రశంసాపత్రం చదివాడు. ఫోటోల సంగతి. చప్పట్లు. రంగు టేపులు. చప్పట్లు. తొమ్మిది ఫోన్లు రెండయ్యాయి. పెద్దక్క చేతులు మండేలా కొట్టింది. తను చెప్పిన మాటలు మైకులో ఇంత బాగుంటాయని ఆమెకి తెలియదు. ఇక అయిపోయిందనుకుని లేవబోయింది.

"అన్నిటికంటే ముఖ్యంగా" అని అతను కొనసాగించాడు. "గత నాలుగు నెలలుగా, ఒకటో టేబుల్ వద్ద చూపు మందగించిన ఒక సీనియర్ సహోద్యోగి సర్దిన నూట పన్నెండు సెట్లను, తన పనికి అదనంగా, స్వచ్ఛందంగా మళ్ళీ పరీక్షించారు. వాటిలో ముప్పై ఒక్క లోపాలను ఆపరేషన్ థియేటర్‌కు చేరకముందే గుర్తించి సరిదిద్దారు. ఫలితంగా ఆ సెట్ల మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. రోగుల భద్రతకూ, టీమ్ పరువుకూ ఆమె రక్షణగా నిలిచారు."

హాలు దద్దరిల్లింది. బకెట్ పిన్ని మాత్రం కొట్టబోయిన చేతులు అలాగే గాల్లో ఆపేసింది. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూసి, చప్పున తలలు తిప్పుకున్నారు. ఒకటో టేబుల్ ఎవరిదో తెలియనివాళ్ళు ఆ విభాగంలో లేరు. పేరు చెప్పలేదు కదా అని ఎవరైనా అంటే, ఆ మాట అన్నవాళ్ళ చెంప పగలగొట్టాలి.

పెద్దక్కకి తల కొట్టేసినట్టయింది. కానీ వింతేమిటంటే, నలుగురిలో పరువు పోయిందన్న బాధ కాదు మొదట తగిలింది. ముప్పై ఒకటి. ఆ అంకె తగిలింది. ఏమీ లేదక్కా, నీ చెయ్యి బంగారం. వారానికి రెండు చొప్పున, ముప్పై ఒక్కసార్లు.

వేదిక మీద పిట్ట అద్దం కట్టిన కాగితం అందుకుంటూ నవ్వుతోంది. మూడో వరస వైపు మాత్రం చూడలేదు.

సభ అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో పిట్ట దొరికింది. దొరికింది అనడమే సరి. తప్పించుకోవడానికి వేరే దారి లేదు ఆ గదికి.

"అక్కా, నేను పేరు చెప్పలేదు. ఒట్టు."

"ఆఫీసులో ఏం జరిగింది?"

"ల్యాబ్ వాళ్ళు కూడా ఒకాయన పేరు గట్టిగా రాసి పంపారట. ఫోటోలూ టేపులూ ఇంకో ఇద్దరు కూడా చేశారట వేరే చోట. రోగికి నేరుగా మేలు జరిగిందేమైనా ఉందా, అంకెలున్నాయా అని అడిగాడు. నాకు... నోట్లోంచి వచ్చేసింది."

"నూట పన్నెండు, ముప్పై ఒకటి కూడా నోట్లోంచే వచ్చేశాయా?"

పిట్ట తన సంచిని ఒడిలోకి లాక్కుంది.

"ఎక్కడ రాసుకున్నావే?"

పిట్ట సంచిలోంచి అరచేతంత పుస్తకం తీసింది. పెద్దక్క దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుంది. తేదీ, సెట్టు నంబరు, లోపం. మొన వంకర. మడతలో మరక. ఒకే రకం క్లిప్పులు రెండు పడ్డాయి, రెండో రకం లేదు. మొదటి పేజీలో తేదీ చూసింది. తను చెప్పుకుని ఏడ్చిన మర్నాడు అది.

"మొదటి రోజునుంచే రాశావా?"

"ఎప్పుడైనా ఏదైనా జరిగితే నా మీదికి రాకుండా... నాకూ పిల్లలున్నారు కదక్కా. నీకు చెబితే బాధపడతావని చెప్పలేదు."

"బాధపడేదాన్నే. మొదటి వంకర మొన చూపించిన రోజే బాధపడి, ఆ కుర్చీలోంచి లేచి నేనే వెళ్ళి మేడమ్‌కి చెప్పేదాన్ని. ఎవరి కంట్లోనో పెట్టే మొనే అది! నా చెయ్యి బంగారం అని నన్ను అక్కడే కూర్చోబెట్టి, పక్కన కూర్చుని లెక్క రాసుకున్నావు." పుస్తకం మూసింది. "నువ్వు నన్ను కాపాడావనుకున్నానే. నీ మంచితనం చూపించుకోవడానికి నేను ఉండాలి కాబట్టి ఉంచుకున్నావు."

"అలా కాదక్కా!" అంది పిట్ట ఏడుస్తూ. అలా కాకపోయి ఉండవచ్చు కూడా. మొదట జాలే అయి ఉంటుంది, తర్వాత భయం, చివర్లో ఆశ. కానీ నమ్మినవాళ్ళకి ఆ వరస ఎవరు విడమరిచి చెబుతారు? పెద్దక్క పుస్తకం పిట్ట ఒళ్ళో పెట్టి బయటికి నడిచింది.

మర్నాడు ఇన్‌ఛార్జ్ మేడమ్ పిలిచింది. ఆమె చెడ్డది కాదు. కుర్చీ వేయించింది, మంచినీళ్ళు ఇప్పించింది.

"పెద్దక్కా, నిన్నటిదాకా నాకు తెలియదు, తెలియనట్టే ఉండిపోయేదాన్నేమో కూడా. ఇప్పుడది ఆసుపత్రి ముద్ర పడ్డ కాగితంలో ఉంది. పై వాళ్ళు చదివారు. నేను సంఘటన నివేదిక రాయక తప్పదు. మీ ఆపరేషన్ అయ్యి, కంటి డాక్టరు సరే అన్నదాకా గుడ్డల దగ్గర పని చేయండి."

"రాయండమ్మా. తప్పు నాది. ముప్పై ఒకటి అని ముందే తెలిస్తే నేనే వచ్చేదాన్ని. ఇది కూడా రాస్తారా?"

"దానికి గడి లేదు" అంది మేడమ్ ఇబ్బందిగా.

పెద్దక్క గుడ్డలు మడిచే బల్ల దగ్గరికి చేరింది. అక్కడినుంచి ఒకటో టేబుల్ మసకగా కనబడుతుంది. ఆ టేబుల్ దగ్గర పిట్ట కూర్చుంది. ఇక మీద చిన్న సెట్లన్నీ ఇద్దరు చూడాలని కొత్త ఆదేశం వచ్చింది. మంచి ఆదేశమే. ఎప్పుడో రావాల్సింది. దానికి పిట్ట పద్ధతి అని పేరు పెట్టారు.

మూడో రోజు ఫారాల బాబు ఆ బల్ల దగ్గరికే వచ్చాడు. చేతిలో ప్రశంసాపత్రం దస్త్రం ప్రతి.

"అమ్మా, ప్రతిపాదించినవాళ్ళు తుది ప్రతి మీద సంతకం చేయాలి. ఇక్కడ 'ప్రతిపాదించినవారి మాట' అని రెండు లైన్లు ఖాళీ ఉంది. శుభాకాంక్షలు అని రాసినా చాలు. ఇది ఫైల్లో పెట్టి, ఒక ప్రతి మీ గోడకి తగిలిస్తాం."

"నేను రాయని మాటలున్న కాగితం మీద నా సంతకమా?"

"అందులో అబద్ధం ఏమైనా ఉందాండీ?" అన్నాడు అతను. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

"లేదు బాబూ. అదే దీని దరిద్రం."

పెద్దక్క కలం తీసుకుంది. ఈసారి భర్త లేడు. గుండ్రటి పెద్ద పెద్ద అక్షరాలు, లైన్లు దాటి అంచులదాకా పోయాయి. అతను తల వంచి చదువుతూ వచ్చాడు.

"సందర్భం: ఆ సీనియర్ సహోద్యోగిని నేనే. నా చూపు సంగతి ఈమె ఒక్కదానికే చెప్పాను. చర్య: ఈమె నాలుగు నెలలు రోజూ రాసుకుంది. నాకు రోజూ ఏమీ లేదంది. ఫలితం: ఇక ఈ గదిలో ఎవరికి ఏం తగ్గినా పక్కవాళ్ళకి చెప్పరు."

కింద తేదీ వేసి, తన పూర్తి పేరు రాసింది. ఆ పేరు విభాగంలో చాలామందికి తెలియదు.

ఫారాల బాబు ముఖం ఎర్రబడింది. "అమ్మా, ఫలితం అంటే... టీమ్‌కి జరిగిన మేలు రాయాలండి."

"మీరే కదా నేర్పారు, ఏం చేసింది, ఎప్పుడు చేసింది, టీమ్‌లో ఏం మారింది అని. స్పష్టంగా రాశాను. అబద్ధం ఏమైనా ఉందా?"

అతను కాగితం మడవలేక, మడవకుండా ఉండలేక, అలాగే పట్టుకుని అద్దం తలుపు దాకా వెళ్ళాడు. అక్కడ పిట్ట ఎదురైంది. తీసుకున్నవాళ్ళ సంతకం కూడా కావాలి మరి. ఆమె నిలబడే చదివింది. చదివాక ఇటు చూసింది. పెద్దక్కకి ఆ దూరానికి ముఖం ఆనలేదు. తెల్లటి మచ్చలా కనిపించింది అంతే. పెద్దక్క గుడ్డ అంచులు కలిపి మడత పెట్టింది.

అప్పుడే కడిగే గదిలోంచి బకెట్ పిన్ని కుడిచెయ్యి విదిలించుకుంటూ బయటికొచ్చింది. పిట్టకి ఏదో ఒకటి మాట్లాడాలనిపించినట్టుంది. గొంతు సర్దుకుని, ఎప్పటిలాగే చెయ్యి చాచింది.

"తిమ్మిరి ఎలా ఉంది పిన్నీ? ఇలా ఇవ్వు, నొక్కుతా."

పిన్ని ఆగింది. పిట్ట చేతిలోని కలం వంకా, ఆ కాగితం వంకా చూసింది.

"తిమ్మిరా? నాకేం తిమ్మిరి?" అంది. "నా చేతికేమీ లేదమ్మా. బాగానే ఉంది."

ఆ కుడిచెయ్యి చేతొడుగులోకి దూర్చుకుని, ట్రాలీ ఎడమచేత్తో తోసుకుంటూ వెళ్ళిపోయింది.